కోత ఆరు రోజులకు, భాగహారం 26తో: ఈ లెక్క నిలుస్తుందా?

ప్రశ్న: ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 31,200 రూపాయలు. అమ్మకు ఆపరేషన్ కావడంతో ఏప్రిల్ 16 గురువారం నుంచి 21 మంగళవారం దాకా ఆఫీసుకు వెళ్లలేకపోయాను. మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆదివారంతో కలిపి ఆరు రోజులు లాస్ ఆఫ్ పే అని 7,200 కోసేశారు. కష్టంలో ఉన్నవాడి మీద ఇంత కక్షా? 30తో భాగించాలి గానీ 26తో ఎలా భాగిస్తారు? 2024 నవంబరులో కూడా ఇలాగే కోశారు, అప్పుడు జీతం 27,000. నాకే ఒంట్లో బాగాలేదని పాత తేదీతో మెడికల్ సర్టిఫికెట్ తెచ్చిపెట్టమని సహోద్యోగి అంటున్నాడు. పెట్టమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: మేనేజరుకు కక్ష ఉందో లేదో కేసుకు అక్కర్లేదు. మీరు పట్టుకున్న పాయింటు కూడా తప్పే. 26తో భాగించడం చట్టవిరుద్ధం కాదు. 30తోనే భాగించాలని ఏ సెక్షనూ చెప్పలేదు. మీ కేసును తేల్చేది ఆ మధ్యలో వచ్చిన ఆదివారం, అంటే 19వ తేదీ.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్, 2019లోని 20వ సెక్షన్ గైర్హాజరుకు ఎంత కోయవచ్చో చెబుతుంది. అంతకు ముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం 9వ సెక్షన్ చెప్పిందీ ఇదే. ఆ నెలలో ఉద్యోగ నిబంధనల ప్రకారం మీరు పనిచేయాల్సిన కాలం ఎంత, అందులో రాని కాలం ఎంత అన్నది చూడాలి. ఆ నిష్పత్తికి మించి జీతంలో కోయకూడదు. ఇది గరిష్ఠ పరిమితి. దానికి లోబడి యజమాని 26 పెట్టుకున్నా, 30 పెట్టుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు.

మీ లెక్క చూద్దాం. ఏప్రిల్‌లో 30 రోజులు, నాలుగు ఆదివారాలు, కాబట్టి పనిదినాలు 26 (మీ కంపెనీ వేరే సెలవు ఇచ్చి ఉంటే ఆ మేరకు మార్చుకోండి). నిష్పత్తిలో కింద ఉన్నవి పనిదినాలైతే, పైన వేసే రాని రోజుల్లోనూ పనిదినాలే ఉండాలి. గురు, శుక్ర, శని, సోమ, మంగళ కలిపి ఐదు. 31,200ను 26తో భాగిస్తే రోజుకు 1,200, ఐదు రోజులకు 6,000. మీ విషయంలో చట్టం పెట్టిన హద్దు అదే. కంపెనీ రోజు విలువ కట్టేటప్పుడు ఆదివారాలను తీసేసింది, దానివల్ల రోజు ఖరీదు పెరిగింది. రోజులు లెక్కపెట్టేటప్పుడు అదే ఆదివారాన్ని కలిపింది. అలా 1,200 అదనంగా పోయింది.

ఈ తప్పును ఎవరైనా పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నెలంతా రాని మనిషికి అదే సూత్రం వేసి చూడండి. కంపెనీ పద్ధతిలో 30 రోజులకు రోజుకు 1,200 చొప్పున 36,000 కోయాలి. జీతమే 31,200. జీతం కంటే ఎక్కువ కోసే సూత్రం ఏ అధికారి ముందూ నిలవదు. మీ అర్జీలో ఈ రెండు వాక్యాలు రాస్తే కన్నీళ్ల పేరా అవసరం ఉండదు.

ఇప్పుడు మీరు కోరుతున్న 30 సంగతి. 30తో భాగిస్తే రోజుకు 1,040. ఐదు రోజులే లెక్కపెడితే 5,200, మీకు లాభమే. కానీ 30 పద్ధతి పెట్టుకున్న చాలా కంపెనీలు సెలవుల మధ్య వచ్చిన ఆదివారాన్ని కూడా కలుపుతాయి. అప్పుడు ఆరు రోజులకు 6,240 అవుతుంది. అంటే మీరు పోట్లాడి సాధించుకున్న 30 వల్ల 6,000 కంటే ఎక్కువే పోతుంది. ఆ 240 మీద కూడా వాదించవచ్చు గానీ, జీతం ఆదివారాలకూ కలిపే ఇస్తున్నాం కాబట్టి కోతలోనూ అవి వస్తాయని అవతలి వకీలు గట్టిగా నిలబడతాడు. 1,200 విషయంలో అతనికి ఆ మాట అనే వీలు లేదు. గ్రాట్యుటీకి 26తో భాగిస్తారు కదా అని కొందరు అడుగుతారు. అది గ్రాట్యుటీ కోసం చట్టం ప్రత్యేకంగా రాసిన లెక్క. దాన్ని ఇక్కడికి తేవద్దు.

సర్టిఫికెట్ జోలికి పోవద్దు. ఆసుపత్రిలో ఉన్నది మీ అమ్మగారని మేనేజరుకు మీరే ఫోన్‌లో చెప్పారు. ఇప్పుడు జబ్బు నాదే అంటే అబద్ధం కాగితం మీదే దొరుకుతుంది. తప్పుడు పత్రం ఇచ్చారన్నది దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. చార్జిషీటు, విచారణ, తొలగింపు దాకా పోతుంది, క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చు. పైగా 1,200 తిరిగి రావడానికి మీ కారణం ఏమిటన్నది ఎవరూ అడగరు. అవసరం లేని చోట దొంగ సాక్ష్యం పుట్టించడం ఎందుకు?

ఇంకొకటి. అకౌంట్స్‌లో పనిచేసే మనిషి సెలవును నోటిమాటగా చెప్పి ఊరుకోవడం ఏమిటి? ఒక ఈ-మెయిల్ పెట్టి ఉంటే, ఖాతాలో ఉన్న సెలవులు ముందు సర్దమని అడిగే హక్కైనా మిగిలేది. ఇప్పటికైనా మీకు సెలవు నిల్వ ఎంత ఉందో చూసి, ఆ ఐదు రోజులకు సర్దమని రాతపూర్వకంగా కోరండి. అది కంపెనీ సెలవు నిబంధనల మీద ఆధారపడుతుంది, దాన్ని 1,200తో కలపకుండా విడిగా అడగండి.

సాక్ష్యం ఈ వారమే పోగుచేయండి. ఏప్రిల్ పే స్లిప్ (కోసిన రోజుల సంఖ్య దాని మీద కనబడాలి), బయోమెట్రిక్ హాజరు పట్టీ, నియామక పత్రం, సెలవు నిబంధనలు కావాలి. వీటికి తోడు చాలామంది మరిచిపోయే కాగితం ఒకటుంది: మీరు చేరిన నెల పే స్లిప్. నెల మధ్యలో చేరి ఉంటే ఆ నెల జీతాన్ని ఏ అంకెతో భాగించారో అందులో తెలుస్తుంది. అప్పుడు 30తో భాగించి, ఇప్పుడు 26తో భాగిస్తున్నారంటే, ఇచ్చేటప్పుడు రోజు విలువ తగ్గించి, కోసేటప్పుడు పెంచారని చూపవచ్చు. స్లిప్పులన్నీ పోర్టల్ నుంచి దించి మీ సొంత మెయిల్‌లో పెట్టుకోండి. ఉద్యోగం మానేసిన రోజున ఆ పోర్టల్ మీకు తెరుచుకోదు.

తరువాత హెచ్‌ఆర్‌కు ఈ-మెయిల్ రాయండి. రోజు విలువను ఏ అంకెతో భాగించి తేల్చారు, ఎన్ని రోజులు కోశారు, ఆదివారాన్ని కలపమనే నిబంధన ఏది అని అడిగి, పై లెక్క వేసి 1,200 వాపసు కోరండి. ఆరోపణలు వద్దు. పదిహేను రోజుల్లో సర్దకపోతే కోడ్ 45వ సెక్షన్ కింద కార్మిక శాఖ అధికారి ముందు క్లెయిము వేయండి. గడువు మూడేళ్లు. జీతం చట్టప్రకారమే చెల్లించామని రుజువు చేసే భారం 59వ సెక్షన్ ప్రకారం యజమానిదే. క్లెయిముకు పది రెట్ల వరకు పరిహారం ఇచ్చే అధికారం ఆ అధికారికి ఉంది. అది గరిష్ఠం మాత్రమే కాబట్టి 12,000 వస్తుందని లెక్కలు వేసుకోకండి.

2024 నవంబరు కోత ఈ క్లెయిములో కలపకండి. అప్పటి చట్టం నెలకు 24,000 లోపు జీతం ఉన్నవారికే వర్తించేది, మీది 27,000. ఆ మొత్తానికి సివిల్ దావా మార్గమే ఉంది, జీతం చెల్లించాల్సిన తేదీ నుంచి మూడేళ్లలోగా వేయాలి. అంటే 2027 చివరి దాకా గడువుంది. అప్పుడు కోసింది నాలుగైదు రోజులే అయితే కోర్టు ఖర్చు దాన్ని మింగేస్తుంది. హెచ్‌ఆర్‌కు రాసే ఈ-మెయిల్లో రెండో పేరాగా పెట్టి సర్దమని అడగడం మేలు.

ఈలోగా రాజీనామా చేయాలనిపిస్తే, ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద “నాకు ఇక ఏ బాకీ లేదు” అన్న వాక్యం కింద ఊరికే సంతకం చేయకండి. ఏప్రిల్ కోతలో 1,200 రావాలని చేత్తో రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకున్నాకే సంతకం పెట్టండి.