ఆవు వ్యాసం నుంచి గౌరి దాకా

చి. సుజాతకు,

నీ క్లాసు పిల్లలు ఆవు మీద రాసిన పేరాలు, నువ్వు పంపిన నోటు పుస్తకాల ఫోటోల్లో చూశాను. నాలుగో తరగతి పిల్లలంతా "ఆవు సాధు జంతువు, దానికి నాలుగు కాళ్ళు" అనే మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదులే. "ఆవు" అని పైన రాసి ఊరుకుంటే ఎవరైనా అదే రాస్తారు. నేనూ పదేళ్లు అలాగే రాయించాను.

ఒకసారి విసుగొచ్చి, పలకలు, పుస్తకాలు పక్కన పెట్టించి, "మీ ఇంటి ఆవు ఎలాంటిదిరా?" అని అడిగాను. వెనక బెంచీవాడు "మా గౌరి ఒట్టి మొండిది సార్" అన్నాడు. పక్కవాడు వెంటనే "ఏం చేస్తుందిరా?" అన్నాడు. టాపిక్ సెంటెన్స్, అంటే పేరా దేని గురించో చెప్పే మొదటి వాక్యం, సరిగ్గా కుదిరిందనడానికి నాకు దొరికిన గుర్తు అదే, విన్నవాడికి ఒక ప్రశ్న పుట్టాలి. నాలుగు కాళ్ళున్నాయంటే ఎవరేం అడుగుతారు?

ఆ ప్రశ్నకు వాడు చెప్పిన జవాబులన్నీ బోర్డు మీద రాశాను. దూడను ముందు వదలకపోతే చేపదు. కుడితిలో తవుడు తగ్గితే మూతి పెట్టదు. వానొచ్చినా మేత వదిలి ఇంటిదారి పట్టదు. పాలు చిక్కగా ఉంటాయి. అప్పుడు ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి "ఇది మొండితనమేనా?" అని అడిగాను. పాల దగ్గరికి రాగానే "కాదు సార్" అని అందరూ అరిచారు. చెరిపేశాను. వాడికి కాస్త బాధేసింది, పాలు నిజంగానే చిక్కగా ఉంటాయి మరి. "దాన్ని ఇంకో పేరాకి దాచుకో" అన్నాను. నువ్వు ఇదే పని చీటీల మీద చేయించు. నలుగురికి ఐదు చీటీలివ్వు, అందులో ఒకటి పొసగనిది కలుపు, ఏరిపారేయమను.

ముగింపు వాక్యం మాత్రం మొదటి రెండు వారాలు అడగకు. అడిగితే అందరూ "అందుకే మా ఆవంటే నాకు చాలా ఇష్టం" అని రాసేస్తారు. మొండితనం గురించి చెప్పి చివర ఇష్టమంటే అతకదు కదా. మొదటి వాక్యాన్నే తిప్పి రాసేవాళ్లూ ఉంటారు. పేరా మొత్తం పైకి చదివించి "అయితే చివరికి ఏమవుతుంది?" అని అడుగు. మావాడు కాసేపు తల గోక్కుని "ఇంట్లో ఎప్పుడూ దాని మాటే నెగ్గుతుంది" అన్నాడు. మొండి అన్న మాట లేకుండానే పేరా మొదటికి ముడిపడింది.

ఒక జాగ్రత్త. జరిగిన సంగతి చెప్పే పేరాకి, జాతరకెళ్లొచ్చిన కబురులాంటిదానికి, ఈ పద్ధతి బలవంతంగా రుద్దకు. అక్కడ ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అన్న వరసే చాలు. మొదటిసారి రాసినప్పుడు ఒత్తులు, దీర్ఘాల మీద ఎర్ర సిరా కూడా వద్దు. మావాడు "మొండిది"కి ఒత్తు పెట్టి "మొండ్డిది" అని రాశాడు. సాఫు ప్రతి రాసేటప్పుడు వాడే దిద్దుకున్నాడు.

చీటీల పని అయ్యాక ఒకటి రెండు పేరాలు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న