ఎడమొహం పెడమొహం: ముందు ఎవరు పలకరించాలి?

నాకు 44 ఏళ్లు. ఒకే సెక్షన్‌లో 15 ఏళ్లుగా పక్క సీట్లో పనిచేస్తున్న స్నేహితుడు, కొత్తగా చేరిన కుర్రాళ్ల ముందు "వీడికి పని చెబితే వారం పడుతుంది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు. నాలుగు నెలలైంది. "ఏరా" అని పిలిచేవాడు ఇప్పుడు "సార్" అంటున్నాడు. ఇంటికొచ్చినా అదే ఆలోచన. తప్పు అతనిది కాబట్టి అతనే రావాలి కదా? నేను వెళితే చులకనైపోనా?
– ఒక పాఠకుడు

మీ ఉత్తరంలో నాకు ముందు కనబడింది ఆ "సార్". కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకావిడ కథలో అదే "మేడమ్". వివరాలు కొన్ని మార్చి ఆ కథే చెబుతాను. మీ ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

లెక్కల విభాగంలో ఇద్దరు ఆడవాళ్లు, 17 ఏళ్లు ఎదురెదురు బల్లల మీద పనిచేశారు. చిన్నావిడ పెద్దావిడను "అక్కా" అనేది. ఒకరోజు కొత్త అధికారి వచ్చి ఏడాది చివరి లెక్కలు ఎవరు చూస్తారని అడిగితే, పెద్దావిడ "తనకు వాటి మీద అంత పట్టు లేదులెండి, నేను చూసుకుంటాను" అంది. ఆ లెక్కలు తొమ్మిదేళ్లుగా చేస్తున్నది చిన్నావిడే. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి "అక్కా" పోయి "మేడమ్" వచ్చింది. ఫైలు చేతికివ్వడం మానేసి బల్ల చివర పెట్టి పెన్నుతో అవతలికి నెట్టేది. ఏదైనా అడగాల్సి వస్తే, మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి అటెండర్‌తో చెప్పించేది. పాపం, ఆ అటెండర్ ఇద్దరి మధ్య రోజుకు ఎన్నిసార్లు తిరిగాడో.

అలా ఐదు నెలలయ్యాక చిన్నావిడ నా దగ్గరికొచ్చింది. ఆ రోజు పెద్దావిడ ఏమందో రాయమని కాగితం ఇచ్చాను. ఆరు వాక్యాలు రాసింది. నిజంగా నోటితో అన్న మాటల కింద మాత్రం గీత గీయమన్నాను. కాసేపు చూసి, ఒక్క వాక్యం కింద గీసింది. మిగతా అయిదూ, "నా పని ఆవిడకు లెక్కలేదు", "కొత్త ఆఫీసర్ దగ్గర నన్ను తీసిపారేసింది" లాంటివి, ఐదు నెలలుగా ఇంట్లో రాత్రిళ్లు రాసుకున్నవి. అవి అబద్ధమని నేననలేదు. అన్న మాటేదో, దానికి మనం చెప్పుకున్న అర్థమేదో విడదీయమన్నాను, అంతే.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. పెద్దావిడ మొదటి రెండు రోజులు గమనించనే లేదు. మూడో రోజు "ఏమైందే?" అని అడిగితే "ఏం లేదు మేడమ్" అన్న జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆవిడకూ పట్టుదల వచ్చింది. "17 ఏళ్ల పరిచయం, ఒక్కమాట అడగలేకపోయిందా?" అన్నది ఆవిడ బాధ. చూశారా, తగాదా ఒకటి కాదు, రెండు. చిన్నావిడకు ఆ మాట మీద కోపం, పెద్దావిడకు ఆ మౌనం మీద కోపం. ఒక్కొక్కరూ తమ లెక్కలో తామే బాధితులు, కాబట్టి అవతలివాళ్లే రావాలని ఇద్దరూ కూర్చున్నారు. మీ స్నేహితుడు మీ మౌనాన్ని ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు. నాలుగు నెలలుగా ఏమీ అనుకోకుండా ఉండడు మాత్రం.

కాబట్టి ఎవరు ముందు అన్నదానికి నా జవాబు: మీ వంతు తప్పు ఎంత చిన్నదైనా, దానికి మీరే ముందు. అతని తప్పుకు మీరు క్షమాపణ చెప్పనక్కర్లేదు. అందులో చులకన ఏముంది?

అయితే నేరుగా వెళ్లి మాట్లాడేయమని చిన్నావిడకు నేను చెప్పలేదు. ఐదు నెలలు పలకరించని మనిషి ఒక్కసారిగా ఎదురుగా నిలబడితే, అవతలివాళ్లకు గొడవకే వచ్చినట్టుంటుంది. ముందు పనికి సంబంధించిన ఒక చిన్న సాయం అడగమన్నాను, అదీ నిజంగా అవసరమైనదే. ఒక పాత ఖాతాలో తేడా ఎక్కడ మొదలైందో పెద్దావిడకే తెలుసు. దాన్ని అటెండర్‌తో కాకుండా తనే వెళ్లి అడిగింది. రెండు ముక్కల్లో జవాబొచ్చింది, తల ఎత్తకుండా. చాలు. పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు తనంటే పడని ఒక శాసనసభ్యుడు ఉండేవాడు. అతని దగ్గరున్న అరుదైన పుస్తకాన్ని అడిగి తీసుకుని, వారానికి కృతజ్ఞతల చీటీతో తిరిగిచ్చాడు. తర్వాత సభలో కలిసినప్పుడు ఆ సభ్యుడే తనను పలకరించాడని ఫ్రాంక్లిన్ రాసుకున్నాడు. సాయం చేసినవాడికి మన మీద కోపం నిలబెట్టుకోవడం కష్టమవుతుంది. దొంగ అవసరం సృష్టిస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

మూడు వారాలు ఇలాంటి పొడి మాటలే నడిచాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, మెట్ల దగ్గర చిన్నావిడ ఇంతే అంది: "ఆ రోజు మీరన్న మాట నాకు గుచ్చుకుంది. మిమ్మల్ని అడగకుండా మాట్లాడటం మానేశాను. అది నా తప్పు." మేం ఇద్దరం కూర్చుని ఆ మూడు వాక్యాల్లోంచి ఒక "కానీ" తీసేయడానికి అరగంట పట్టింది. "నా తప్పే, కానీ మీరు కూడా..." అన్నామంటే అది క్షమాపణ కాదు, కొత్త గొడవ.

పెద్దావిడ "ఏమో, నాకేం గుర్తులేదమ్మా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

చిన్నావిడ నా మీదే మండిపడింది. నాకూ కాస్త భయం వేసింది. అయినా మళ్లీ వెళ్లి అడగొద్దని, మధ్యవర్తిని పంపొద్దని, మర్నాడు ఎప్పట్లాగే పని మాట్లాడమని చెప్పాను. చాలాసార్లు ఇక్కడే చెడుతుంది. ధైర్యం చేసి మాట్లాడినవాళ్లు అదే రోజు జవాబు కావాలంటారు. అవతలి మనిషికి ఆ మాట అప్పుడే చెవిన పడింది, మనకేమో నెలల తరబడి నలిగి ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత పెద్దావిడే వచ్చింది. అప్పట్లో చిన్నావిడ తల్లికి ఒంట్లో బాగాలేదు. ఆ బరువు తన మీదేసుకుందామని అలా అన్నానంది. కొంచెం ఆగి, "కొత్తాయన ముందు నేనే అన్నీ చూస్తానని అనిపించుకోవాలని కూడా ఉందిలే" అంది. ఆ రెండో ముక్క లేకపోతే చిన్నావిడ నమ్మేది కాదట.

ఇక్కడొక మాట. మీ స్నేహితుడిది ఒక్కసారి నోరు జారడమైతేనే ఈ దారి. పదేపదే నలుగురిలో తీసిపారేయడం, మీ పనిని తన పేరు మీద రాసుకోవడం ఉంటే అది వేరే సంగతి. అప్పుడు తేదీలతో రాసిపెట్టుకుని పైవాళ్లతో మాట్లాడాలి. మీ ఉత్తరంలో నాకు అలాంటిదేమీ కనబడలేదు.

మీరు ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మెసేజ్ పెట్టకుండా లేచి అతని సీటు దగ్గరికి వెళ్లి, అతనికే బాగా తెలిసిన పని విషయం ఒకటి అడగండి. అతను "సార్" అన్నా పట్టించుకోకండి, మీరు మాత్రం "సార్" అనకండి. మీకు గుచ్చుకున్న మాట సంగతి ఇప్పుడే ఎత్తొద్దు.

ఆ ఇద్దరూ మునుపటిలా అయ్యారా అంటే, పూర్తిగా కాలేదు. ఇంటి కష్టాలన్నీ చెప్పుకోవడం తగ్గింది. అధికారి ముందు ఒకరి పని గురించి ఇంకొకరు మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నారు. "మేడమ్" ఇంకో నెల నడిచింది. లెక్కలు పంపాల్సిన ఆఖరి రోజు, హడావిడిలో, చిన్నావిడ నోటి నుంచి "అక్కా, ఆ రెండో పేజీ ఇటివ్వు" అని వచ్చేసిందట. పెద్దావిడ విననట్టే పేజీ చేతికిచ్చింది.