భద్రాచలం బయల్దేరే ముందు ఫోన్‌లో మ్యాప్ దింపుకో చిన్నోడా

ఒరేయ్ చిన్నోడా, శనివారం రాజమండ్రి నుంచి మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది, చంటిపిల్లతో వెళ్తున్నారు కాబట్టి ఈ ఒక్క పని శుక్రవారం రాత్రే ఇంట్లో వైఫై మీద చేసేయ్. మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కాక చింతూరు దాకా చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, అక్కడ మ్యాప్ లోడ్ అవ్వక స్క్రీన్ ఖాళీగా కనిపిస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో పైన కుడివైపు నీ ఫోటో నొక్కి Offline maps లోకి వెళ్ళు, అందులో Select your own map ఉంటుంది. నొక్కగానే మ్యాప్ మీద ఒక గడి వస్తుంది, ఆ గడి లోపల ఏముంటే అదే ఫోన్‌లోకి దిగుద్ది, బయటది దిగదు. రెండు వేళ్ళతో జూమ్ చేస్తూ, మ్యాప్‌ని జరుపుతూ నీకు కావాల్సిన ఏరియా అందులోకి తెచ్చుకోవాలి. నేను మొదటిసారి ఇక్కడే తప్పు చేశా. సెర్చ్‌లో భద్రాచలం అని కొట్టి అక్కడున్న డౌన్‌లోడ్ నొక్కేశా, అది ఊరి చుట్టూ కాస్త మేరే గడి వేసింది, నేను చూసుకోలేదు. చింతూరు దగ్గర ఆగి చూస్తే భద్రాచలంలో సందులు కూడా ఉన్నాయి గానీ నేను నిలబడ్డ రోడ్డు మాత్రం లేదు.

ఇప్పుడు నీ రూటు సంగతి చూడు. రాజమండ్రి కింద కుడి మూల, భద్రాచలం పైన ఎడమ మూల, రెండూ గడిలో పడ్డాయి కదా చాలు అనుకుంటావ్, కానీ నువ్వెళ్ళే రోడ్డు ఆ రెండింటి మధ్య తిన్నగా పోదు, ముందు రంపచోడవరం, మారేడుమిల్లి అంటూ పైకి ఎక్కి చింతూరు దగ్గర పడమరకి తిరుగుద్ది. ఆ చింతూరు భద్రాచలం కంటే ఇంకాస్త ఉత్తరాన ఉంటది. అంటే గడి పై అంచు భద్రాచలానికి సరిగ్గా ఆనించి పెట్టావంటే చింతూరే కట్ అయిపోద్ది, మలుపు తిరగాల్సిన చోటే మ్యాప్ ఉండదన్నమాట. అందుకని చింతూరు పైన వేలెడంత ఖాళీ వదిలి గడి పెట్టు, కుడివైపు కూడా రంపచోడవరం రోడ్డు అంచుకి దగ్గరగా ఉంటది, అక్కడా కొంచెం వదులు. ఎడమ కింద జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట కూడా ఎలాగూ లోపలికే వస్తాయి, ఘాట్‌లో ఏదన్నా చెట్టు పడి రోడ్డు ఆగితే తిరిగొచ్చే దారి అదే కాబట్టి అది పోకుండా చూసుకో.

కింద ఎన్ని ఎంబీలు పడుతుందో చూపిస్తుంది. సైజు చూసి భయపడకు, అడవి ఏరియాలో రోడ్లూ షాపులూ తక్కువ కాబట్టి హైదరాబాద్ అంత బరువు ఉండదు, కానీ ఎందుకైనా మంచిదని రెండు రాష్ట్రాలూ పెట్టేద్దామని జూమ్ అవుట్ చేసుకుంటూ పోతే ఏరియా మరీ పెద్దదని డౌన్‌లోడ్ చెయ్యనివ్వదు. Download నొక్కాక పూర్తయ్యేదాకా ఉండు, మధ్యలో వైఫై పోతే సగంలో ఆగిపోద్ది, నువ్వేమో దిగిందనుకుంటావ్.

దిగాక తప్పకుండా పరీక్ష చెయ్యి, ఇది మాత్రం వదలకు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపేసి, రాజమండ్రి నుంచి చింతూరుకి, చింతూరు నుంచి భద్రాచలానికి కారు రూటు అడుగు. రెండూ వస్తే సరే, రాకపోతే గడి తప్పింది, మళ్ళీ పెట్టు. ఉండబోయే లాడ్జిని కూడా నెట్ ఉన్నప్పుడే సేవ్ చేసుకో, నెట్ లేకపోతే చిన్న చిన్న పేర్లు సెర్చ్‌లో దొరకవు.

దారిలో నీలి చుక్క కదులుతూనే ఉంటది, ఎందుకంటే జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తది, దానికి సిమ్‌తో పనిలేదు. కాకపోతే చెట్ల కింద ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే చుక్క దొరకడానికి కాసేపు పడుద్ది, అప్పుడు ఆకాశం కనిపించే చోట కారు ఆపి కాస్త ఆగు. ట్రాఫిక్ మాత్రం కనపడదు, రోడ్డు మూసేశారా లేదా అన్నది కూడా తెలీదు, ఆఫ్‌లైన్‌లో అది చెప్పే టైమ్ నెట్ ఉన్నప్పుడు చెప్పినంత నమ్మకమైంది కాదు. రోడ్డు సంగతి మారేడుమిల్లిలో టీ తాగేటప్పుడు ఎదురొచ్చిన డ్రైవర్లని అడుగు, వాళ్ళకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. పొద్దున్నే బయల్దేరి వెలుతురు ఉండగానే ఘాట్ దాటేయ్.

గడి పెట్టాక Download నొక్కే ముందు ఒక స్క్రీన్‌షాట్ నాకు పంపు, చింతూరు లోపలే ఉందో లేదో నేను చూసి చెప్తా.

మీ బాబాయ్