తిరుపతిలోనే ఉంటూ ఎడిటింగ్, సౌండ్ పనితో బతకొచ్చా?

"బీకాం అయిపోయింది. తిరుపతిలో మా మామ స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఒక నెల డబ్బులు బాగానే వస్తాయి, తర్వాత రెండు నెలలు ఖాళీ. ఎడిటింగ్‌లోనే ఉండనా, సౌండ్ కూడా నేర్చుకోనా? హైదరాబాద్ వెళ్లకుండా కుదురుతుందా? ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి."

ఎడిటింగ్ మానొద్దు. దానికి తోడుగా సౌండ్ నేర్చుకోండి. సౌండ్‌లోనూ ముందు డైలాగ్ ఎడిటింగ్, అంటే రికార్డయిన మాటను శుభ్రం చేసి వినసొంపుగా అతికే పని పట్టుకోండి. నేనూ ఇక్కడే పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు ఎక్కువ పని ఈ డైలాగ్ వైపు నుంచే వస్తోంది, ఇల్లూ వాకిలీ తిరుపతిలోనే.

పెళ్లి వీడియోలో మాట పెద్దగా ఉండదు, పైన పాట వేసేస్తాం. కానీ మన ఊళ్లో తయారయ్యే మిగతావి చూడండి. ప్రవచనాలు, ఇంటర్వ్యూలు, భక్తి కార్యక్రమాలు, కాలేజీలకీ ఆసుపత్రులకీ చేసే వీడియోలు, డాక్యుమెంటరీలు, అన్నీ మాట మీదే నడుస్తాయి. 2008లో టీటీడీ భక్తి ఛానల్ ఎస్వీబీసీ మొదలయ్యాక ఈ తరహా కార్యక్రమాలు చేసేవాళ్లు చుట్టుపక్కల పెరిగారు. బొమ్మ కట్ చేసేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. మాట బాగుచేసేవాళ్లు మాత్రం దొరకరు. తెలుగు సినిమాలో చాలావరకు డైలాగులు తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తారు, షూటింగ్‌లో రికార్డు చేసింది అప్పుడు విని అనుసరించడానికి గైడ్ ట్రాక్‌గా వాడతారు. ఇంటర్వ్యూకి ఆ వీలు లేదు. పెద్దాయన మనసులోంచి చెప్పిన మాటను మళ్లీ మైకు ముందు కూర్చోబెట్టి చెప్పించలేం. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక ఉదాహరణ వివరంగా చెప్పాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దాయన మీద చిన్న డాక్యుమెంటరీ నా దగ్గరికి వచ్చింది. ఇంటర్వ్యూ ఆయన ఇంట్లోనే తీశారు. మొదటి సగంలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. మధ్యలో కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, షూటింగ్ మాత్రం ఆపలేదు. ఎడిటర్ కథకు తగ్గట్టు మొదటి సగం వాక్యాలూ రెండో సగం వాక్యాలూ కలిపి ఒకే జవాబుగా కట్ చేశారు. బొమ్మలో ఏ తేడా తెలియదు. వింటే మాత్రం ప్రతి కట్ దగ్గరా ఫ్యాన్ హోరు వచ్చి పోతూ ఉంటుంది. నిర్మాత అడిగింది ఒక్కటే, "ఆ ఫ్యాన్ సౌండ్ తీసేయండి."

కొత్తవాళ్లు ఇక్కడ నాయిస్ రిడక్షన్ ప్లగిన్ పెట్టి గట్టిగా లాగుతారు. ఫ్యాన్ పోతుంది, దాంతోపాటు స, శ, ష లాంటి అక్షరాల పదును కూడా పోతుంది, ఎందుకంటే గాలి హోరూ ఆ అక్షరాల శబ్దమూ ఒకే పై స్థాయిల్లో కలిసి ఉంటాయి. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎక్కువ లాగామని తెలుసుకోవడానికి మంచి పద్ధతి ఒకటుంది. చాలా ప్లగిన్లలో తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే బటన్ ఉంటుంది. అది నొక్కి వినండి. ఉత్త హోరు వినిపిస్తే సరే. అందులో మాట ముక్కలు వినబడుతున్నాయంటే మనిషి గొంతునే తీసి పారేస్తున్నారన్నమాట, వెంటనే తగ్గించండి.

ఇక్కడ సరైన పని ఫ్యాన్‌ని పూర్తిగా తీయడం కాదు, రెండు సగాలనూ ఒకేలా చేయడం. చెవికి ఇబ్బంది పెట్టేది హోరు కాదు, అది మారడం. ఒకే హోరు నిలకడగా ఉంటే కొద్దిసేపటికి దాన్ని పట్టించుకోం. అందుకని మొదటి సగంలో ఫ్యాన్‌ని కొంచెం మాత్రమే తగ్గించాను. ఫ్యాన్ లేని రెండో సగం కింద అదే ఫ్యాన్ హోరును సన్నగా పరిచాను. ఆ హోరు ఎక్కడిది అంటారా? షూటింగ్‌లో అందరూ నోరు మూసుకుని అర నిమిషం గది శబ్దం రికార్డు చేసి ఉంటే అదే వాడేవాణ్ని. దాన్నే రూమ్ టోన్ అంటాం. ఇక్కడ అది తీయలేదు. డైరెక్టర్ ప్రశ్న అడిగాక పెద్దాయన జవాబు మొదలుపెట్టేలోపు ఉండే ఖాళీలన్నీ ఏరుకున్నాను. ఊపిరి శబ్దం, కుర్చీ కిర్రుమనడం లేని ముక్కలే తీసుకుని, ఒకదాని చివర ఇంకోదాని మొదలు కలిసేలా క్రాస్‌ఫేడ్ చేసి అతికాను. ఒకే ముక్కను తిప్పి తిప్పి వేస్తే చెవి పట్టేస్తుంది, అందుకే రకరకాల ముక్కలు కావాలి.

దీనికి సెషన్ కూడా ఒక పద్ధతిలో పెట్టుకోవాలి. ఫ్యాన్ ఉన్న ముక్కలు ఒక ట్రాక్, లేనివి ఇంకో ట్రాక్. ప్రతి ముక్కనూ రెండు వైపులా కొంచెం సాగదీసి, పక్క ముక్కలోకి మెల్లగా కరిగేలా చేస్తాం. సాగదీయాలంటే కట్‌కి అటూ ఇటూ అదనపు శబ్దం మన దగ్గర ఉండాలి. కాబట్టి ఎడిటర్ కట్ చేసిన టైమ్‌లైన్‌ని సౌండ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే ఏఏఎఫ్ ఫైల్ తీసుకునేటప్పుడే "కొన్ని సెకన్ల హ్యాండిల్స్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి" అని అడగండి. హ్యాండిల్స్ లేకుండా వస్తే వాక్యం చివర ఊపిరి కత్తిరించినట్టు ఆగిపోతుంది, దాన్ని మళ్లీ తెచ్చుకోలేం. మీరు ఎడిటరే కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ అర్థం చేసుకోగలరు. మిమ్మల్ని ఎడిటింగ్ మానొద్దన్నది అందుకే.

ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి సన్నని జుయ్‌మనే శబ్దం కూడా పడింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ శబ్దం 50, 100, 150 ఇలా దాని గుణిజాల దగ్గర కూర్చుంటుంది. అక్కడ మాత్రమే సన్నగా కోస్తే గొంతుకు దెబ్బ తగలదు. ఇంకోమాట, చప్పుడల్లా తీసేయాల్సిందే అనుకోవద్దు. కలం గుడ్డ మీద గీస్తున్నప్పుడు వచ్చే సన్నని చప్పుడు ఆ సినిమాకి ప్రాణం. దాన్ని నాయిస్‌గా లెక్కేసి తీసేసిన వెర్షన్ ఎవరైనా ఇచ్చుంటే నాకు బాధగా ఉండేది. చివరికి మిక్స్‌ని మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, మామూలు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వాల్యూమ్ బాగా తగ్గించి ఒకసారి వినాలి. తగ్గించినప్పుడు కూడా ప్రతి మాటా అందుతోందంటే పని అయినట్టే.

ఇక డబ్బు సంగతి. పెళ్లిళ్ల పని పంచాంగంతో నడుస్తుంది. ఆషాఢం, మహాలయ పక్షాలు, ధనుర్మాసం, మధ్యలో మూఢం వస్తే అదీ, ఇవన్నీ మీ మామ స్టూడియోకి ఖాళీ రోజులే. అయితే మన ఊరికి ఉన్న సౌలభ్యం ఏమిటంటే, పెళ్లిళ్లు లేని ఆ రోజుల్లోనే మాట పని పెరుగుతుంది. ధనుర్మాసంలో తిరుప్పావై ప్రవచనాలు జరుగుతాయి, బ్రహ్మోత్సవాల ముందు భక్తి కార్యక్రమాలు తయారవుతాయి. మాట పని వస్తే ఏడాదిలో ఆ గుంతలు కొంతవరకు పూడతాయి. పూర్తిగా పూడతాయని మాత్రం చెప్పను.

రేటు చెప్పే ముందు వాళ్ల ఆడియోలో అన్నిటికన్నా పాడైన రెండు నిమిషాలు పంపమనండి. బాగా రికార్డయిన పది నిమిషాల మాట పూటలో అయిపోతుంది. పాడైన పది నిమిషాలు రోజంతా తినేస్తుంది. వినకుండా నిమిషానికి ఇంత అని ఒప్పుకుంటే నష్టం మీకే. డబ్బును మూడు భాగాలు చేయండి. మొదలుపెట్టేముందు ఒకటి, మొదటి మిక్స్ వినిపించాక ఒకటి, ఫైనల్ ఫైల్ ఇచ్చేముందు ఒకటి. మొదటి మిక్స్ వినిపించేటప్పుడు మధ్యమధ్యలో బీప్ వేసిన ఎంపీ3 ఇవ్వండి, వేవ్ ఫైల్ వద్దు. హైదరాబాద్‌లోని ఒక సంస్థకి పూర్తి ఫైళ్లు ముందే ఇచ్చాను. ప్రసారం అయిపోయింది, నా చివరి భాగం రావడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి ఈ పద్ధతి ఎవరికీ సడలించలేదు.

సంస్థలు ఇచ్చే డబ్బులో టీడీఎస్ పట్టుకుంటాయి. అది పోయినట్టు కాదు. పాన్ నంబర్ సరిగ్గా ఇచ్చి, ఏటా రిటర్న్ వేయండి. మీకు పన్ను పడకపోతే పట్టుకున్నది తిరిగి వస్తుంది. ఆ డబ్బు ఖాళీ నెలలో వస్తే ఎంత హాయో చూస్తారు.

ఇంట్లో వాళ్ల టెన్షన్ తగ్గడానికి ఒక లెక్క. ఏడాదికి 3,60,000 వచ్చిందనుకోండి. నెలకు 30,000 అని ఇంట్లో చెప్పకండి. వచ్చిందంతా ఒక ఖాతాలో పడనిచ్చి, అందులోంచి నెలకు 20,000 మాత్రమే జీతంలా ఇంటి ఖాతాకి పంపండి. ఏడాదికి 2,40,000 పోగా మిగిలిన 1,20,000 ఖాళీ నెలలకీ, పాడైన హార్డ్ డిస్కులకీ, ఆలస్యమైన పేమెంట్లకీ ఉంటుంది. సీజన్‌లో డబ్బు చేతిలో గలగలలాడుతున్నప్పుడే ఈ పద్ధతి మొదలుపెట్టాలి. ఖాళీ నెలలో మొదలుపెట్టలేరు.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే సౌండ్ పేజీ ఉంది. రీపర్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ తక్కువ ధరకే వస్తుంది. స్పీకర్ల కంటే ముందు చెవి మొత్తం మూసే మంచి హెడ్‌ఫోన్స్ కొనండి. కోర్సు చేయాలనుకుంటే ప్రభుత్వ ఫిల్మ్ స్కూళ్లయిన పుణె ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో సౌండ్‌కి విడిగా కోర్సులున్నాయి, ప్రవేశ పరీక్ష రాయాలి. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్వాలేదు. నేను ఇప్పటికే మార్చాను, ఇంకా మారుస్తాను. ఫ్యాన్ మారిన కట్‌ని పట్టుకునే చెవి మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి అలాగే వస్తుంది. హైదరాబాద్ సినిమాల్లో పనిచేయాలంటే యూనియన్ కార్డు సంగతి చూసుకోవాలి, దానికి ఖర్చూ సమయమూ పడతాయి. దాన్ని ఇప్పుడే తలకెత్తుకోవద్దు.

మీ మామ హార్డ్ డిస్కుల్లో పెళ్లి పెద్దలు దీవిస్తూ మాట్లాడిన రా ఫుటేజీ తప్పకుండా ఉంటుంది. అందులో జనరేటర్ హోరూ నాదస్వరమూ పడిన రెండు నిమిషాలు తీసుకుని, వేరే వేరే చోట్ల చెప్పిన వాక్యాలను ఒకే దీవెనలా అతకండి. ముందు ఫైలూ తర్వాత ఫైలూ రెండూ ఇక్కడ పెడితే విని, ఏ కట్ దగ్గర చెవికి తగులుతోందో రాస్తాను.