పని చేశాక వచ్చేది, చెయ్యకుండా వచ్చేది

ప్రశ్న: రోజూ డైరీ రాస్తాను. ప్రతి రాత్రీ ‘అలసిపోయాను’ అనే మాటే వస్తోంది. ఇంగ్లీషులో వీరీ, డ్రెయిన్డ్, ఎగ్జాస్టెడ్ అని రకరకాలుగా ఉన్నాయి కదా, తెలుగులో అలాంటివి ఏం వాడొచ్చు?

ఒకే మాట రాస్తూ పోవడం వల్ల నేను నెలన్నర నష్టపోయాను. అందుకే ఈ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. తెనాలి నుంచి బస్సులో వెళ్ళొస్తాను. పెళ్ళైన దగ్గర్నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. ఆ ఏడు మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. ఏప్రిల్ చివర్లో ఓ రోజు బ్లాక్ బోర్డు మీద పద్యం రాస్తుంటే కళ్ళు బైర్లు కమ్మి బల్ల పట్టుకుని నిలబడిపోయాను. సాయంత్రం డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఎప్పట్నుంచి ఇలా ఉందండీ?’ అని. డైరీ ఉందిగా అనే ధీమాతో ఇంటికొచ్చి తిరగేశాను.

మార్చి 4న అలసిపోయాను. 5న అలసిపోయాను. 9న బాగా అలసిపోయాను. 40 పేపర్లు దిద్దిన రోజూ అదే మాట, ఆదివారం ఇంట్లో కూర్చున్న రోజూ అదే మాట. నా రాతే, నా డైరీయే. అయినా ఏ రోజు ఒళ్ళు ఎలా ఉందో నాకే తెలియలేదు.

ఒక్క పేజీ మాత్రం వేరుగా ఉంది. ఏప్రిల్ 11. ఆ రోజు మా అమ్మతో ఫోన్లో మాట్లాడిన మాటలే డైరీలోకి వచ్చేశాయి. ‘పొద్దున్న లేస్తూనే నీరసం. పొయ్యి వెలిగించకముందే కూర్చోవాలనిపించింది. స్టాఫ్ రూం మెట్లకే ఆయాసం, గుండె దడ.’ దాని కింద అమ్మ అన్నది కూడా రాసుకున్నాను: ‘పొద్దున్నే నీరసం ఏంటే? పని చేశాక వచ్చేది అలసట, చెయ్యకుండా వచ్చేది నీరసం. ఒంట్లో నెత్తురుందో లేదో చూపించుకో.’

అమ్మ చదివింది ఐదో తరగతి. డాక్టరు గారు రక్తపరీక్ష రాసి, మర్నాడు కాగితం చూసి చెప్పింది కూడా అదే. హిమోగ్లోబిన్ 7.9. ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలి. ఏప్రిల్ 11 పేజీ చదివి వినిపిస్తే, ‘ఇది ముందే చెప్పి ఉంటే బావుండేది’ అన్నారు.

ఇక మీరు అడిగిన మాటల సంగతి. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మన మాటలు అలసట ఎంత అనేదాని కంటే, ఎందుకొచ్చింది, ఎక్కడుంది అనేదాన్ని ముందు చెప్తాయి. ప్రయాణం చేసొస్తే బడలిక. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో కూర్చుని వస్తే మీరేమీ పని చెయ్యలేదు, అయినా బడలికే. స్నానం చేసి ఓ గంట నడుం వాలిస్తే పోతుంది. అలసట ఒళ్ళు వంచి చేసిన పనిది, రాత్రి నిద్రతో పోతుంది. నీరసం నిద్రతో పోదు. అది తిండి చాలకో, జ్వరం తగిలో, నెత్తురు తగ్గో వస్తుంది. రసం లేకపోవడం అని ఆ మాటలోనే ఉంది. ఉపవాసం ఉన్న ముసలివాళ్ళకి వచ్చేది శోష, అది ఇంకా తీవ్రం, మనిషి పడిపోవచ్చు. జ్వరం మాత్ర వేసుకున్నాక కళ్ళు మూతలు పడడం మగత, దాన్ని అలసట ఖాతాలో వెయ్యకండి.

మీరన్న వీరీకి నేనైతే ‘వేసారిపోయాను’ అని రాస్తాను. అది ఒంటి సంగతి కాదు, చేసిందే చేసి, విన్నదే విని మనసు ఒప్పుకోకపోవడం. వాల్యుయేషన్ మూడో రోజు ఒకే తప్పుని నూరోసారి దిద్దుతున్నప్పుడు చెయ్యి బాగానే ఉంది, ప్రాణం విసిగిపోయింది. డ్రెయిన్డ్ అంటే ‘పిప్పయిపోయాను’. చెరుకు మిషన్లోంచి బయటికొచ్చిన పిప్పిని చూసిన ఎవరికైనా అది వివరించక్కర్లేదు. అయితే దాన్ని ఎవరో పిండిన రోజుకే వాడండి. పనికి కాదు, మనుషులకి.

ఎగ్జాస్టెడ్‌కి డస్సిపోవడం. పాత మాటని దాన్ని వదిలేశారు, నాకు చాలా బాధ. గజేంద్రమోక్షంలో ‘లావొక్కింతయు లేదు’ పద్యం క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లలకి ఒకటి చూపిస్తాను. ఏనుగు ‘అలసిపోయాను స్వామీ’ అని ఒక్క మాటతో ఊరుకోలేదు. బలం కొంచెం కూడా లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సింది, శ్రమగా ఉంది అని ఒక్కొక్కటే విడివిడిగా చెప్పుకుంది. ‘నీవే తప్ప’ అన్న మాట ఆ తర్వాతే వస్తుంది. పోతన గారు ఆ వరుసలో రాశారు కాబట్టే చదివేవాడికి ఆ ఒంటి బాధ తెలుస్తుంది.

నిఘంటువుల మీద నాకు కోపం కూడా ఉంది. మీరు చెప్పిన మూడు మాటలకీ ‘అలసిన, డస్సిన’ అని ఒకే అర్థం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. మనకి మాటలు లేవని పిల్లలు అనుకునేది అందుకే. మా తెలంగాణ వియ్యపురాలు ‘పానం సుస్తుగున్నది వదినా, కాళ్లు గుంజుతున్నయ్’ అంటుంది. ఏమైందో, ఎక్కడైందో ఆ రెండు ముక్కల్లో నాకు తెలిసిపోతుంది. ఉర్దూలో సుస్తీ అంటే బద్ధకం. మన దగ్గరికొచ్చేసరికి ఒంట్లో బాగోకపోవడం అయింది.

ఆ ఏప్రిల్ తర్వాత నేను రాసే తీరు మారింది. ‘నేను’తో మొదలుపెట్టను. కాళ్ళు పీకుతున్నాయి, నడుం పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి, ప్రాణం విసిగింది అని దేనికి బాధో దానితోనే వాక్యం మొదలుపెడతాను. పక్కన అది ఎప్పుడు వచ్చిందో, పడుకుంటే తగ్గిందో లేదో రాస్తాను. రెండు వాక్యాలే. ‘లేచేసరికి తగ్గలేదు’ అన్న మాట వరసగా వారం రోజులు కనబడితే ఇంక డైరీతో పని లేదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఐరన్ మాత్రలు నిమ్మరసంతో వేసుకున్నాను. టీ దగ్గరదగ్గరగా తాగొద్దన్నారు, అది నాకు అన్నిటికంటే కష్టమైంది. మే చివర్లో మళ్ళీ పరీక్ష చేయిస్తే 10.1. ఆ వారం పేజీ ఇది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

‘మే 30. అమ్మ వచ్చింది. 25 కాయలు కొట్టాం, టెంకలు తుడవడం నా వంతు. ఆవపిండి కారానికి కళ్ళు మండాయి. కుడి భుజం లాగుతోంది. మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను, ఆయాసం లేదు. అలసిపోయాను. తొమ్మిదింటికే నిద్రొస్తోంది.’