సూదిని ‘లాగుతుంది’ అనాలా, ‘తిప్పుతుంది’ అనాలా?

సందేహం: మా మనవరాలి కోసం ఒక కథ రాశాను. అందులో తాత దిక్సూచి చూపిస్తూ, ‘ఉత్తర ధ్రువం ఈ సూది ఉత్తర ధ్రువాన్ని తన వైపు లాగుతుందమ్మా’ అంటాడు. చదివిన ఒక మిత్రుడు ‘లాగుతుంది’ కాదు, ‘తిప్పుతుంది’ అనాలన్నారు. పిల్లలకు లాగడమే సులువుగా అర్థమవుతుంది కదా? రెండుచోట్లా ‘ఉత్తర ధ్రువం’ అనడం సరేనా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. అయితే కథలోంచి ‘లాగు’ను పూర్తిగా తీసెయ్యనక్కర్లేదు. తాత ముందుగా ఒక అయస్కాంతం చూపించి గుండుసూదుల్ని ఎత్తించినప్పుడు ‘లాగుతుంది’ అనడమే బాగుంటుంది. అయస్కాంతానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు సూదంటురాయి, సూది అంటుకునే రాయి. ఆ పేరు కూడా తాత నోట పలికించండి. చిక్కల్లా రాయి దగ్గర నేర్చుకున్న క్రియనే భూమికీ వాడటంతో వస్తుంది.

తాత చేత ఒక చిన్న పని చేయించండి. కుట్టుసూదిని అయస్కాంతం ఒకే కొనతో, ఒకే దిశలో ముప్పై నలభైసార్లు రుద్దాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే చేసిన పని చెడుతుంది. తర్వాత సూదిని పల్చటి బిరడా ముక్క మీద పెట్టి, ప్లాస్టిక్ గిన్నెలోని నీళ్ల నడుమ వదలాలి. స్టీలు గిన్నె వద్దు. అయస్కాంతాన్నీ, సెల్‌ఫోన్‌నూ దూరంగా పెట్టాలి, ఫోన్ స్పీకర్లో కూడా అయస్కాంతం ఉంటుంది. సూది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. వేలితో పక్కకు తిప్పి వదిలినా మళ్లీ అక్కడికే వస్తుంది. అలా రాకుండా ఎటు పెడితే అటే ఉండిపోతే రుద్దింది చాలలేదన్నమాట.

ఇప్పుడు పాప చూడాల్సింది ఇంకొకటి ఉంది. సూది తిరిగింది గానీ, ఉత్తరంగా ఈదుకుంటూ గిన్నె అంచుకు పోలేదు. భూమి నిజంగా లాగుతుంటే పోవాలి కదా! 1581లో రాబర్ట్ నార్మన్ అనే ఇంగ్లిష్ నావికుడు నీళ్లలో తేలే సూదితో ఈ సంగతే చూపించాడు. కారణమేమిటంటే, భూమి అయస్కాంత క్షేత్రం గిన్నెంత చోటులో ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. అది సూది ఒక కొనను ఉత్తరానికి ఎంత బలంతో లాగుతుందో, రెండో కొనను దక్షిణానికి అంతే బలంతో నెడుతుంది. స్టీరింగును ఒక చేత్తో పైకి, ఇంకో చేత్తో కిందికి లాగితే అది తిరుగుతుంది గానీ ఊడి చేతికి రాదు, ఇదీ అంతే. చేతిలోని అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే మాత్రం సూది పరిగెత్తుకొస్తుంది. దాని బలం దూరంతో గబగబా తగ్గిపోతుంది కాబట్టి, దగ్గరి కొన మీద లాగుడు దూరపు కొన మీద నెట్టుడు కంటే ఎక్కువ. అందుకే రాయి లాగుతుంది, భూమి తిప్పుతుంది. వ్యాకరణం వైపు నుంచి చూసినా తేడా లేదు: సూది తిరుగుతుంది, భూమి దాన్ని తిప్పుతుంది.

ఇక ‘ఉత్తర ధ్రువం’. రెండుచోట్లా అదే మాట రాస్తే, సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని బడిలో చదువుకున్న పిల్ల తాతను వెంటనే పట్టేసుకుంటుంది, న్యాయంగానే. సూదిలో ఉత్తరానికి తిరిగే కొనకే ఉత్తర ధ్రువమని పేరు పెట్టారు. ఆ లెక్కన భూమికి ఉత్తరాన ఉన్నది అయస్కాంతంగా దక్షిణ ధ్రువమే అవుతుంది. ఇదంతా కథలో దూరిస్తే కథ ఆగిపోతుంది. సూదికి ‘ఉత్తరం చూసే కొన’ అనండి, ‘ఉత్తర ధ్రువం’ అన్న మాటను భూగోళానికి వదిలెయ్యండి. నేనైతే ఇలా రాస్తాను:

‘తాతా, భూమి లోపల పెద్ద సూదంటురాయి ఉందా?’

‘రాయి కాదు తల్లీ. చాలా లోతున కరిగిన ఇనుము సుళ్లు తిరుగుతూ ఉంటుంది. దానివల్ల భూమి మొత్తం అయస్కాంతంలా పనిచేస్తుంది. అదే నీ సూదిని పట్టి తిప్పుతోంది.’

ఆ లోతు దాదాపు 2,900 కిలోమీటర్లు. అక్కడి వేడికి ఏ ఇనుప ముక్కా అయస్కాంతంగా నిలవదు, 770 డిగ్రీల సెల్సియస్ దాటితేనే ఇనుము ఆ గుణం పోగొట్టుకుంటుంది. కాబట్టి ‘భూమి కడుపులో పెద్ద అయస్కాంతం’ అని మాత్రం రాయకండి.

‘సూది మొన ఉత్తరం చూపింది’ అని రాసేటప్పుడూ జాగ్రత్త. అయస్కాంతం ఉత్తరపు కొనతో మొన వైపుగా రుద్దితే మొన దక్షిణానికి తిరుగుతుంది. మొనే ఉత్తరం చూపాలంటే తాత చేత దక్షిణపు కొనతో రుద్దించాలి. ‘సరిగ్గా ఉత్తరానికి’ అన్న చోట ‘ఇంచుమించు ఉత్తరానికి’ అని మార్చండి. సూదిని నడిపే అయస్కాంత ధ్రువం వేరు, భూగోళం ఇరుసు కొన వేరు. పైగా ఆ అయస్కాంత ధ్రువం ఒకచోట ఉండదు, 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నావికాధికారి కెనడా ఉత్తరాన గుర్తించిన చోటు నుంచి ఇప్పుడు సైబీరియా వైపు జరిగిపోయింది.