ఖాతా తెరిచినప్పుడే అన్నీ ఇచ్చాం, మళ్లీ కేవైసీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి ఖాతాకి "రీ-కేవైసీ చేయించుకోండి" అని బ్యాంకు నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఖాతా తెరిచినప్పుడే ఆధార్, పాన్ ఇచ్చేశాం, ఏమీ మారలేదు. మళ్లీ ఎందుకు అడుగుతున్నారు? పట్టించుకోకపోతే డబ్బులు ఆగిపోతాయా? మాది అమలాపురం దగ్గర పల్లెటూరు.

జవాబు:

డబ్బు ఎక్కడికీ పోదండి, మీ నాన్నగారి పేరు మీదే ఉంటుంది. కాకపోతే అవసరానికి చేతికి రాకుండా ఆగిపోయే అవకాశం ఉంది. కొన్నేళ్ల కిందట పాలకొల్లులో ఉండే మా మేనత్తకి ఇదే జరిగింది.

ఆవిడకి దాళ్వా ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయి. పడినట్టు పాస్‌బుక్కులో ప్రింటు కూడా వచ్చింది. ఏటీఎంకి వెళ్తే మాత్రం రూపాయి రాలేదు. అదే వారంలో ఇన్సూరెన్స్ ప్రీమియం ఖాతా నుంచి కట్ కావాల్సి ఉంటే అదీ వెనక్కి పోయింది, దానికి చార్జీ కూడా వేశారు. కూలీలకి, ట్రాక్టరుకి ఇవ్వాల్సిన డబ్బు కళ్ల ముందు కనబడుతున్నా తీసుకోలేక ఆవిడ పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. బ్రాంచికి తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "కేవైసీ గడువు దాటింది, డెబిట్ ఫ్రీజ్ అయింది" అంది. అంటే డబ్బు లోపలికి వస్తుంది, బయటికి పోదు. అందుకే ధాన్యం డబ్బు పడేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

"మాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదే" అని అడిగితే అసలు కారణం బయటపడింది. ఖాతాలో ఉన్నది ఎప్పుడో ఆగిపోయిన పాత సిమ్ నంబరు. అడ్రస్ కూడా కొడుకు దగ్గరికి రాకముందు ఉన్న ఊరిదే. మెసేజ్‌లు పలకని నంబరుకి, ఉత్తరాలు తాళం వేసిన ఇంటికి వెళ్లాయి. బ్యాంకు దగ్గర ఉన్న వివరాలు మెల్లగా పాతబడిపోతాయి, మనకి తెలియనే తెలియదు. మళ్లీ మళ్లీ అడగడానికి కారణం ఇదే.

ఇది ఏ బ్యాంకూ సొంతంగా పెట్టుకున్న పద్ధతి కాదు. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. ఖాతాదారు ఎవరో, ఎక్కడ ఉంటున్నారో బ్యాంకు ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. ఖాతాలను రిస్కుని బట్టి మూడు రకాలు చేస్తారు: ఎక్కువ రిస్కు అయితే కనీసం 2 ఏళ్లకోసారి, మధ్యస్థం అయితే 8 ఏళ్లకోసారి, తక్కువ అయితే 10 ఏళ్లకోసారి. లెక్క ఖాతా తెరిచిన రోజు నుంచి, లేదా చివరిసారి కేవైసీ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. మామూలు రైతు, పింఛనుదారు ఖాతాలు సాధారణంగా తక్కువ రిస్కులోనే ఉంటాయి. మీ ఖాతా ఏ రకమో అడిగినా బ్యాంకు చెప్పదు, అది గోప్యంగా ఉంచాలని నియమం. "మా కేవైసీ గడువు ఏ తేదీ?" అని అడగండి, ఆ తేదీ తెలిస్తే చాలు.

మీకు ఉపయోగపడే కొత్త మార్పు ఒకటుంది. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు నిబంధన సవరించింది. తక్కువ రిస్కు ఉన్న వ్యక్తుల ఖాతాల్లో గడువు దాటినా లావాదేవీలు ఆపకూడదు. గడువు తేదీ నుంచి ఏడాది, లేదా 2026 జూన్ 30, ఈ రెండిట్లో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా టైమ్ ఉంటుంది. ఉదాహరణకి మీ నాన్నగారు చివరిసారి 2015 మార్చిలో కాగితాలు ఇచ్చారనుకోండి. పదేళ్లకి, అంటే 2025 మార్చికి గడువు. ఏడాది కలిపితే 2026 మార్చి. దానికంటే 2026 జూన్ 30 ఆలస్యంగా వస్తుంది కాబట్టి అదే ఆఖరి తేదీ. అదే 2015 డిసెంబరులో ఇచ్చి ఉంటే 2026 డిసెంబరు దాకా ఉంటుంది. కానీ ఖాతా ఏ రకమో మనకి తెలియదు కాబట్టి, ఈ అదనపు గడువు మీద భరోసా పెట్టుకుని కూర్చోవడం నాకైతే ఇష్టం లేదు.

బ్యాంకు కూడా గడువుకి ముందు కనీసం మూడుసార్లు, దాటాక మరో మూడుసార్లు చెప్పాలి. రెండు విడతల్లోనూ ఒకటైనా ఉత్తరం రూపంలో ఉండాలి. 2026 జనవరి 1 కల్లా అన్ని బ్యాంకులూ ఇది అమలు చేయాలన్నారు. మీకు అన్నిసార్లు మెసేజ్‌లు రావడానికి కారణం అదే.

మీరు చెప్పినట్టు నిజంగా ఏమీ మారకపోతే పని చాలా తేలిక. "నా వివరాల్లో మార్పు లేదు" అనే స్వీయ ధ్రువీకరణ చాలు, కొత్తగా జిరాక్సులు అక్కర్లేదు. బ్యాంకులో రిజిస్టర్ అయిన మొబైల్ లేదా ఈమెయిల్ నుంచి, బ్యాంకు యాప్‌లో, ఏటీఎంలో, లేదా ఉత్తరం రాసి కూడా ఇవ్వొచ్చు. ఇప్పుడు ఊళ్లో ఉండే బ్యాంక్ మిత్ర దగ్గర వేలిముద్ర వేసి కూడా ఇవ్వొచ్చు. వయసు పైబడినవాళ్లకి నేను చెప్పేది ఈ దారే. అడ్రస్ ఒక్కటే మారితే కొత్త అడ్రస్ చెప్పినా చాలు, రెండు నెలల్లో బ్యాంకే సరిచూసుకుంటుంది. చిక్కంతా మొబైల్ నంబరు దగ్గర వస్తుంది. పాత నంబరైతే ఫోన్ ద్వారా చేసే దారి మూసుకుపోతుంది, బ్రాంచికి వెళ్లక తప్పదు. మా మేనత్త విషయంలో అదే అయింది. ఆధార్‌లో కొత్త అడ్రస్ అప్పటికే ఉండబట్టి ఆధార్, పాన్, ఫోటో, కేవైసీ ఫారం, నంబరు మార్పు దరఖాస్తు ఇచ్చాం. మర్నాటికి ఫ్రీజ్ తీసేశారు.

కాగితాలు ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తప్పకుండా అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుదే. మిత్ర దగ్గర ఇచ్చినా అంతే. ఇంకో సంగతి, పీఎం కిసాన్ ఈ-కేవైసీ వేరు, రేషన్ కార్డుది వేరు. అవి చేయించాం కదా అని బ్యాంకుది అయిపోయిందనుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు.

మీకు వచ్చిన మెసేజ్‌లో లింకు గానీ, వాట్సాప్‌లో "కేవైసీ అప్‌డేట్" అని యాప్ ఫైలు గానీ ఉంటే నొక్కొద్దు. ఆ ఫైలు చివర .apk అని ఉంటుంది, ఇన్‌స్టాల్ చేస్తే మీ ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. పాస్‌బుక్ మీద ఉన్న బ్రాంచి నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అన్నీ ఇచ్చి, రసీదు ఉండి కూడా ఖాతా ఫ్రీజ్ తీయకపోతే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, అక్కడ ఆ రసీదూ ఫిర్యాదు కాపీ జతచేయండి.